పందిరి రాటకి కరెంటొస్తే ఇంటాయనకి సంబంధం లేదా?

ఫోన్లలో ఇలా ఒక మెసేజ్ తిరుగుతోంది: "ఇంట్లో ఫంక్షన్‌కి వచ్చిన చుట్టానికి దెబ్బ తగిలితే ఇంటాయన మీద కేసు నిలబడదు. డబ్బులు తీసుకుని పిలవలేదు కదా! పందిరీ లైట్లూ టెంట్ హౌస్ వాళ్లవి, ఏం జరిగినా వాళ్లదే బాధ్యత. మరీ గొడవైతే చుట్టంతో రాజీపడితే సరి. అందరికీ పంపండి."

డబ్బు తీసుకోకపోవడం వల్ల ఒరిగేది ఒక్కటే, చుట్టం ఇంటాయన మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లలేడు. సివిల్ దావాకి మాత్రం డబ్బుతో పని లేదు. ఇంటి యజమాని బాధ్యతకంటూ మనకి ప్రత్యేక చట్టం లేదు గనక, కోర్టులు ఇంగ్లండులో పాత తీర్పుల మీద నిలిచిన కామన్ లా నుంచి వచ్చిన నిర్లక్ష్యం సూత్రాలనే చూస్తాయి. ఆ పాత లెక్కలో ఊరికే వచ్చిన అతిథికి యజమాని పడే బాధ్యత చిన్నదే: తనకి తెలిసి, వచ్చినవాడికి కనబడని ప్రమాదం ఉంటే తీసెయ్యాలి, లేదా చెప్పాలి. గచ్చు మీద ఎదురుగా కనబడే నీళ్లలో జారిపడితే దావా గెలవడం కష్టం. రాటలో కరెంటు ఎవరికీ కనబడదు. చిక్కంతా అక్కడే.

కోనసీమలో ఒక ఇల్లు, ఓణీల ఫంక్షన్ అనుకుందాం. కొబ్బరితోట పక్కన దొడ్లో ఇనప గొట్టాల పందిరి, గొట్టాలకి చుట్టిన సీరియల్ సెట్లు. చేతులు కడుక్కునే డ్రమ్ము ఓ రాట పక్కనే పెట్టారు, కింద నేలంతా చిత్తడి. పొద్దున వంటావిడ "రాట చిమచిమలాడుతోందయ్యా" అని చెప్పింది. ఇంటాయన "తర్వాత చూద్దాంలే" అన్నాడు. మధ్యాహ్నం ఆయన బావగారు చెయ్యి కడుక్కుని రాట పట్టుకున్నారు, షాక్ కొట్టి వెనక్కి పడితే తుంటి విరిగింది.

రాట నేలలో పాతి ఉంది కదా, కరెంటు భూమిలోకి పోదా అంటారు. కొంత పోతుంది, కానీ ఫ్యూజు కొట్టేంత కాదు. పాతిన గొట్టానికీ భూమికీ మధ్య నిరోధం 46 ఓములైతే 230 వోల్టుల దగ్గర పారేది 5 ఆంపియర్లు. ఇప్పుడు ఫ్యూజు బదులు పెట్టే 16 ఆంపియర్ల ఎంసీబీ కదలదు, రాట అలా కరెంటుతోనే నిలబడి ఉంటుంది. తడి ఒంటికి వెయ్యి ఓములనుకుంటే మనిషిలోంచి పోయేది 0.23 ఆంపియర్లే, గుండె ఆగడానికి అది చాలు. ఇక్కడ పనికొచ్చేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కొంచెం పక్కదారి పట్టినా పసిగట్టి సరఫరా ఆపేసే స్విచ్చి. చాలా కొత్త ఇళ్లలో అది ఉంటుంది, అయితే ఫంక్షన్ రోజు వైరు దానికి ముందే, మీటరు దగ్గర కలిపేస్తారు. అప్పుడది ఉన్నా లేనట్టే.

ఇక టెంట్ హౌస్ సంగతి. ఈ మాటలో సగం నిజముంది. స్వతంత్రంగా పనిచేసే కాంట్రాక్టరు తప్పుకి పనిచ్చినవాడు మామూలుగా జవాబుదారీ కాడు. కానీ పని రానివాణ్ణి పెట్టుకున్నా, తానే తన మనిషితో వైరు కలిపించినా, ప్రమాదం తెలిసీ ఊరుకున్నా ఆ రక్షణ పోతుంది. ఇక్కడ వంటావిడ మాట అన్నిటికన్నా బలమైన సాక్ష్యం. ఇద్దరి తప్పూ కలిసి ఒకే గాయం చేస్తే, బావగారు మొత్తం పరిహారం ఎవరి దగ్గరైనా అడగొచ్చు, వాళ్ల వాటాలు తర్వాత వాళ్లు తేల్చుకోవాలి. దావాకి గడువు మూడేళ్లు. టెంట్ హౌస్ మీద మాత్రం ఆయన వినియోగదారుల కమిషన్‌కీ వెళ్లొచ్చు: 2019 వినియోగదారుల రక్షణ చట్టం, డబ్బిచ్చినవాడి అనుమతితో సేవ వాడుకున్నవాణ్ణి కూడా వినియోగదారుడనే అంటుంది. దానికి గడువు రెండేళ్లే.

రాజీ మాటే అసలు ప్రమాదం. నిర్లక్ష్యంతో తీవ్రగాయం చేస్తే భారతీయ న్యాయ సంహిత 125(బి) కింద మూడేళ్ల దాకా జైలుంది, అందులో కోర్టు అనుమతితో రాజీ కుదురుతుంది. అదే మనిషి పోతే 106(1), అయిదేళ్ల దాకా. దానికి కింది కోర్టులో రాజీ లేదు, బంధువులు కాగితం రాసిచ్చినా కేసు నడుస్తుంది. పైగా రాజీ ఆశతో చాలామంది ఆస్పత్రిలో "మెట్ల మీంచి పడ్డారు" అని రాయిస్తారు. తర్వాత చుట్టరికం చెడినా, బీమా కంపెనీ అడిగినా ఆ చీటీ ఇద్దరికీ అడ్డం వస్తుంది. షాక్ అని ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆస్పత్రి పోలీసులకి తెలియజేసే మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించాలి. మెయిన్ ఆపి, వైరు రాటకి తగిలిన చోటు ఫోటో తీసి, ఆ సెట్టుని విప్పి ఒక సంచిలో ఉంచాలి. టెంట్ హౌస్ కుర్రాళ్లు సాయంత్రానికల్లా అంతా చుట్టబెట్టుకుపోతారు, ఆ తర్వాత ఎవరి వైరో తేలదు.

చుట్టాలు రాకముందు చూడాల్సింది ఇంతే: సీరియల్ సెట్లన్నీ వెలిగించి, ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే పందిరి లైట్లు కూడా ఆరిపోవాలి. ఇంట్లో లైట్లు ఆరి పందిరి వెలుగుతుంటే ఆ వైరు దానికి ముందు కలిపారన్నమాట, విప్పించి మళ్లీ కలిపించండి. చేతులు కడిగే డ్రమ్ముని రాటకి చెయ్యి అందనంత దూరం జరపండి.