క్లోన్ ప్రాజెక్టును మీ పేరు మీద పెట్టకండి

"ఫ్రెషర్స్‌కి సూపర్ టిప్స్! 1. గిట్‌హబ్‌లో రోజూ ఒక కమిట్ పెట్టండి. గ్రాఫ్ మొత్తం పచ్చగా ఉంటే రిక్రూటర్ చూడగానే షార్ట్‌లిస్ట్. 2. ప్రొఫైల్ నిండా బ్యాడ్జీలు, లోగోలు పెట్టండి. 3. పెద్ద పెద్ద ప్రాజెక్టులు ఫోర్క్ చేయండి, రిపోలు 50 దాటాలి. 4. యూట్యూబ్‌లో దొరికే నెట్‌ఫ్లిక్స్ క్లోన్, అమెజాన్ క్లోన్ దించుకుని, .git ఫోల్డర్ తీసేసి మీ పేరుతో పుష్ చేయండి. కోడ్ ఎవరూ చదవరు. పది మందికి ఫార్వర్డ్ చేయండి."

ఇది మా బీటెక్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, ఊరి గ్రూపులో వచ్చింది, చివరికి మా మేనల్లుడు కూడా "మామా, ఇట్ల చేస్తే అయిపోతదా?" అని పంపాడు. నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్ నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగం వెతుక్కునే పిల్లలు దీన్ని నమ్మి నెలలకు నెలలు పోగొట్టుకుంటున్నారు. హైదరాబాద్‌లో డెవలపర్‌గా పనిచేస్తూ జూనియర్ల టెక్నికల్ రౌండ్లలో కూర్చునేవాణ్ని కాబట్టి, దీన్ని చూసీ చూడనట్టు వదిలేయడం నా వల్ల కావడం లేదు.

ముందు పచ్చ గళ్ల సంగతి. ఆ గ్రాఫ్‌ను ఎంత తేలిగ్గా నింపొచ్చో ఇంటర్వ్యూ చేసే ప్రతి డెవలపర్‌కూ తెలుసు. పాత తేదీతో కమిట్ వేయడానికి ఒక్క లైను చాలు:

```
git commit --date="2024-03-05T10:00:00" -m "update"
```

దీన్ని పుష్ చేస్తే 2024 మార్చి 5 గడి పచ్చబడుతుంది. ఒక చిన్న స్క్రిప్టు రాస్తే ఏడాదంతా పచ్చబడుతుంది. మరోపక్క రోజంతా పనిచేసే సీనియర్ల గ్రాఫ్ ఖాళీగా ఉండొచ్చు, ఎందుకంటే వాళ్ల కోడ్ కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. గ్రాఫ్ చూసి నేను ఎవరినీ ఓకే చేయలేదు, ఎవరినీ పక్కన పెట్టలేదు. రోజుకో కమిట్ కోసం README లో ఒక చుక్క పెట్టి మర్నాడు తీసేస్తే మాత్రం నష్టం మీకే. హిస్టరీ తెరిచినవాళ్లకు వరసగా "update", "update" అని కనిపిస్తుంది. మీరు నిజంగా చేసిన పని ఆ చెత్త కింద పడిపోతుంది.

ఫోర్కుల సలహా ఇచ్చినవాళ్లకు గిట్‌హబ్ ఎలా పనిచేస్తుందో కూడా తెలిసినట్టు లేదు. ఫోర్కులో మీరు చేసిన కమిట్లు అసలు రిపోలోకి మెర్జ్ అయితే తప్ప గ్రాఫ్‌లో లెక్కకు రావు. అంటే మూడో సలహా పాటిస్తే మొదటిది నెరవేరదు. పైగా ప్రతి ఫోర్క్ పేరు కింద "forked from" అని రాసే ఉంటుంది. ప్రొఫైల్ పైభాగంలో పిన్ చేసుకోగలిగేది ఆరు రిపోలే, యాభై కాదు. రెండో మూడో గట్టివి ఉంటే చాలు.

బ్యాడ్జీల గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. మీకు రాని టెక్నాలజీ లోగో పెడితే దాని మీదే ప్రశ్న వస్తుంది, అంతే.

ఇక నాలుగోది. నాకు నిజంగా కోపం తెప్పించింది ఇదే. ఇది సలహా కాదు, పిల్లల చేత తప్పు చేయించి ఇంటర్వ్యూలో నిలబెట్టడం.

క్లోన్‌ను పట్టుకోవడానికి డిటెక్టివ్ పని అక్కర్లేదు. రిపో తెరిచి కమిట్లు నొక్కితే ఒకే ఒక్క కమిట్ ఉంటుంది, పేరు "first commit", మొత్తం ఫైళ్లన్నీ అందులోనే. తన చేత్తో కట్టినవాడి హిస్టరీ అలా ఉండదు. ముందు ఒక ఫారం వస్తుంది, తర్వాత అది చెడిపోతుంది, ఆ తర్వాత బాగవుతుంది. README తెరిస్తే "Getting Started with Create React App" అనే రెడీమేడ్ పాఠం కదలకుండా ఉంటుంది. లైవ్ లింక్ తెరిస్తే బ్రౌజర్ ట్యాబ్ మీద "React App" అనో "Vite + React" అనో ఉంటుంది. పేజీ అడుగున వీడియో చేసినవాళ్ల పేరు కూడా మిగిలిపోయి ఉంటుంది. ఇవన్నీ చూడటానికి రెండు నిమిషాలు చాలు.

ఒక రౌండ్లో ఇలాంటి నెట్‌ఫ్లిక్స్ క్లోన్ పెట్టిన అబ్బాయిని నేనే అడిగాను: "సెర్చ్ బాక్సులో ఒక్కో అక్షరం కొట్టినప్పుడల్లా సర్వర్‌కు రిక్వెస్ట్ పోతుందా, టైపింగ్ ఆగాక పోతుందా?" కోడ్‌లో సమాధానం ఉంది, టైపింగ్ ఆగాక కాసేపు చూసి రిక్వెస్ట్ పంపే ఫంక్షన్ రాసి ఉంది. అది ఉందనే అతనికి తెలియదు. తెలివైనవాడే, మిగతా ప్రశ్నలకు బాగానే చెప్పాడు. కానీ ఆ ఒక్క చోట తడబడ్డాక, రెజ్యూమెలోని మిగతావన్నీ కూడా నమ్మబుద్ధి కాలేదు. ఆ ప్రాజెక్టు అసలు పెట్టకపోయి ఉంటే అతని పరిస్థితి మెరుగ్గా ఉండేది.

లైసెన్స్ గొడవ వేరే ఉంది. ఎంఐటీ లైసెన్స్ ఉన్న కోడ్‌ను వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. కానీ అసలు రాసినవాళ్ల కాపీరైట్ నోటీసు అలాగే ఉంచాలి. లైసెన్సే లేని కోడ్ మీద హక్కులన్నీ రాసినవాళ్లవే. పేరు మార్చి పుష్ చేస్తే రెండు సందర్భాల్లోనూ తప్పే.

అంతకన్నా ప్రమాదం `.env` ఫైలు. ఫోల్డర్ మొత్తం కళ్లు మూసుకుని పుష్ చేస్తే, మీరు పెట్టుకున్న డేటాబేస్ పాస్‌వర్డ్, పేమెంట్ కీ అన్నీ బయటపడతాయి. చూసుకుని మర్నాడు ఆ ఫైలు డిలీట్ చేస్తే సరిపోదు, పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. మీ రిపోలో ఉందో లేదో ఇలా చూసుకోండి:

```
git log --all --oneline -- ".env" "*/.env"
```

ఏదైనా లైను కనిపిస్తే, ముందు ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోండి. హిస్టరీ శుభ్రం చేయడం ఆ తర్వాతి పని, ఎందుకంటే బయటపడిన కీని ఈలోపే ఎవరైనా కాపీ చేసుకుని ఉండొచ్చు. తర్వాత `.env` పేరును `.gitignore` లో చేర్చండి.

అయితే ఆ మెసేజ్‌లో "కోడ్ ఎవరూ చదవరు" అన్న ఒక మాట చాలావరకు నిజం, ఒప్పుకోవాలి. మొదట వడపోసే హెచ్‌ఆర్ వాళ్లు సాధారణంగా కోడ్ చదవరు. రెజ్యూమెలో మాటలు చూస్తారు, లింక్ నొక్కితే ఒక పేజీ చూసి వెళ్లిపోతారు. క్యాంపస్‌కు వచ్చే పెద్ద సర్వీస్ కంపెనీల్లో మార్కులు, ఆన్‌లైన్ టెస్టు దాటేదాకా గిట్‌హబ్ ఎవరూ తెరవకపోవచ్చు కూడా. మీ రిపోను నిజంగా చదివేది చిన్న కంపెనీలోని టీమ్ లీడ్, లేదా మీకు రిఫరల్ ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్న మీ సీనియర్ అన్న. కాబట్టి ఒకే రిపో ఇద్దరికీ పనికిరావాలి: కోడ్ చదవనివాళ్లకు మొదటి స్క్రీన్, చదివేవాళ్లకు హిస్టరీ.

అలాంటి రిపో ఎలా ఉంటుందో చెప్తాను. దేవరకొండ వైపు నుంచి ఒక తమ్ముడు తన ప్రాజెక్టు చూడమని పంపాడు. వాళ్ల నాన్న ఊళ్లో పాల కేంద్రం చూసుకుంటారు. పొద్దున, సాయంత్రం ఒక్కో రైతు ఎన్ని లీటర్లు పోశారు, ఫ్యాట్ ఎంత వచ్చింది అని నోటుబుక్కులో రాసి, పదిహేను రోజులకోసారి బిల్లు కడతారు. ఆ నోటుబుక్కును బ్రౌజర్లోకి తెచ్చాడు. మూడే స్క్రీన్లు: ఎంట్రీ, రైతు ఖాతా, బిల్లు. లాగిన్ లేదు, యానిమేషన్ లేదు.

README మొదటి వాక్యంలోనే ఇది ఎవరి కోసమో, ఏం చేస్తుందో ఉంది. దాని కింద లైవ్ లింక్, బిల్లు స్క్రీన్‌షాట్, నడపడానికి రెండు కమాండ్లు. చివర్లో ఏం చేయలేదో కూడా రాశాడు: డేటా ఆ బ్రౌజర్లోనే ఉంటుంది, బ్రౌజర్లోని సైట్ డేటా చెరిపేస్తే పోతుంది, అందుకే ఫైలుగా దించుకునే బటన్ పెట్టాను అని. ఆ మాట చదివితే తన ప్రోగ్రాం ఎక్కడ ఆగిపోతుందో అతనికి తెలుసని అర్థమవుతుంది.

నన్ను ఆపింది మాత్రం ఒక కమిట్. పేరు `fix: 4.35 L saved as 434`. లీటర్లను దశాంశాల్లో ఉంచితే కూడికల్లో తేడా వస్తుందని, వందతో గుణించి పూర్ణసంఖ్యగా దాచుకున్నాడు. కానీ జావాస్క్రిప్ట్‌లో 4.35 ని వందతో గుణిస్తే 434.99999999999994 వస్తుంది. దాన్ని కత్తిరించేశాడు:

```js
Math.trunc(4.35 * 100)  // 434
Math.round(4.35 * 100)  // 435
```

అంటే ఆ ఎంట్రీ పడినప్పుడల్లా రైతుకు పది మిల్లీలీటర్లు తక్కువ పడుతున్నాయి. వాళ్ల నాన్న నోటుబుక్కు లెక్కకూ స్క్రీన్ మీది బిల్లుకూ తేడా రావడంతో దొరికింది. సరిచేసి, 4.35 ఇస్తే 435 రావాలని ఒక టెస్టు కూడా చేర్చాడు. ఇంటర్వ్యూలో "నీకు ఎదురైన బగ్ ఒకటి చెప్పు" అంటే ఇతను దేని కోసమూ వెతుక్కోనక్కర్లేదు. ఏం తప్పింది, ఎలా తెలిసింది, ఎలా కుదిరింది అన్నది మొత్తం ఆ ఒక్క కమిట్‌లో ఉంది. అరువు తెచ్చుకున్న క్లోన్‌లో ఇది ఎక్కడా దొరకదు.

అతనికి నేను చెప్పిన మార్పులు రెండే. నమూనా డేటాలో ఊళ్లోని రైతుల అసలు పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి, వాటిని తీసి కల్పిత పేర్లు పెట్టమన్నాను. అవి పాత కమిట్లలో కూడా ఉన్నాయి కాబట్టి `git filter-repo` తో అక్కడినుంచి కూడా తీయించాను. రెండోది లైవ్ లింక్. అతను రెండర్ అనే హోస్టింగ్ సైటు ఉచిత ప్లాన్లో పెట్టాడు. పదిహేను నిమిషాలు ఎవరూ రాకపోతే ఆ సర్వీస్ నిద్రపోతుంది, మళ్లీ లేవడానికి నిమిషం దాకా పడుతుంది. అప్పటిదాకా ఆగే హెచ్‌ఆర్ ఎవరూ ఉండరు. అతని యాప్‌కు సర్వర్ అవసరమే లేదు కాబట్టి గిట్‌హబ్ పేజెస్‌కు మార్చుకున్నాడు, ఇప్పుడు వెంటనే తెరుచుకుంటోంది. సర్వర్ తప్పనిసరి అయితే, మొదటిసారి ఆలస్యమవుతుందని లింక్ పక్కనే రాసి స్క్రీన్‌షాట్ పెట్టండి.

రెజ్యూమె పంపేముందు ఫోన్లో ఇన్‌కాగ్నిటో ట్యాబ్ తెరిచి రెజ్యూమెలోని లింకులన్నీ ఒక్కొక్కటే నొక్కి చూడండి. మీ ల్యాప్‌టాప్‌లో మీరు లాగిన్ అయి ఉంటారు కాబట్టి ప్రైవేట్ రిపో కూడా మీకు చక్కగా కనిపిస్తుంది. అవతలివాళ్లకు అక్కడ 404 వస్తుంది, ఆ సంగతి మీకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు.