మనం రాయని కోడ్‌కి మన సంతకం

పెద్ద కస్టమర్ దొరికాడన్న సంతోషంలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు చదవకుండానే ఒప్పుకునే క్లాజు ఒకటుంది. ఒప్పందంలో అది నాలుగు లైన్ల ఇంగ్లీషు. తెలుగులో చెప్పుకుంటే ఇంతే: ‘మేమిచ్చే సాఫ్ట్‌వేర్ పూర్తిగా మేం రాసిందే. ఇందులో బయటివాళ్ల కోడ్ గానీ, ఓపెన్ సోర్స్ కోడ్ గానీ లేదు. దీనివల్ల ఎవరైనా మీ మీద దావా వేస్తే ఆ నష్టం మాదే.’ ఇవాళ ఈ మాట దాదాపు ఏ కంపెనీ ఇచ్చినా అబద్ధమే. అంటే మొదటి ఇన్వాయిస్ పంపకముందే ఒప్పందం తప్పినట్టు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. హైదరాబాద్‌లో పన్నెండు మంది కలిసి ఆసుపత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నారు. కోడంతా జావా. బిల్లు పీడీఎఫ్‌గా రావాలి కాబట్టి కొత్తగా చేరిన కుర్రాడు ఏదో ట్యుటోరియల్ చూసి ఐటెక్స్ట్ అనే లైబ్రరీ కలిపాడు. డబ్బు కట్టమని ఎక్కడా అడగలేదు, ఒక్క లైనుతో పనైపోయింది. అతని తప్పేమీ లేదు. అతనికి ఎవరూ చెప్పలేదు.

ఈ ఐటెక్స్ట్‌కి ఒక చరిత్ర ఉంది. 2.1.7 వెర్షన్ నాటికి దాని లైసెన్సులు ఎంపీఎల్, ఎల్‌జీపీఎల్. మూసి అమ్ముకునే ఉత్పత్తిలో వాడుకున్నా పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. 2009 చివర్లో వచ్చిన ఐదో వెర్షన్ నుంచి దాన్ని ఏజీపీఎల్ కిందికి మార్చారు. ఆ షరతులు వద్దనుకునేవాళ్లకు డబ్బు తీసుకుని వేరే లైసెన్స్ ఇస్తారు. పేరు అదే, వాడే తీరు దాదాపు అదే, షరతులు మాత్రం పూర్తిగా వేరు. పైగా లైసెన్సులు అమ్మి బతికే యజమానికి, తన కోడ్ ఎవరెవరు వాడుతున్నారో చూసుకోవడానికి తగిన కారణం ఉంటుంది.

ఆ సాఫ్ట్‌వేర్‌ను ఆసుపత్రి సర్వర్‌లోనే ఇన్‌స్టాల్ చేసి ఇచ్చారనుకోండి. కాపీ చేతులు మారింది. ఏజీపీఎల్ ప్రకారం ఐటెక్స్ట్‌తో కలిసి ఒకే ప్రోగ్రాంగా నడిచే మీ కోడ్ మొత్తాన్ని అదే లైసెన్స్ కింద ఇవ్వాలి, సోర్స్‌తో సహా. లోకానికంతా ఇవ్వాలని చాలామంది భయపడతారు గానీ, ఇవ్వాల్సింది కాపీ అందుకున్నవాళ్లకే. కాకపోతే ఆ ఆసుపత్రి దాన్ని మీ పోటీదారుకు ఇచ్చినా మీరు ఆపలేరు. క్లౌడ్‌లో మీరే నడిపితే, కాపీ ఇచ్చినప్పుడే సోర్స్ అడిగే మామూలు జీపీఎల్ లైసెన్స్ తగలదు, ఎందుకంటే కాపీ ఇవ్వలేదు. ఏజీపీఎల్ 13వ సెక్షన్ పుట్టిందే ఆ సందు మూయడానికి: ప్రోగ్రాంను మార్చి నెట్‌వర్క్ మీద వాడనిస్తే, వాడేవాళ్లకు సోర్స్ అందుబాటులో ఉంచాలి. లైబ్రరీని ముట్టుకోకుండా పక్కన పెట్టి వాడుకుంటే ‘మార్చినట్టా’ అన్నదాని మీద లాయర్లలో ఏకాభిప్రాయం లేదు. ఆ వాదన మీద కంపెనీని పందెం కాయమని నేనైతే చెప్పను.

ఇక్కడ రెండు అప్పులున్నాయి, వాటిని కలిపి చూడకూడదు. ఒకటి కోడ్ యజమానికి, అది కాపీరైట్ వ్యవహారం. రెండోది ఆసుపత్రికి, అది ఒప్పందం. యజమాని ఎప్పటికీ రాకపోవచ్చు. కానీ ఆసుపత్రి తరఫు లాయర్ వస్తాడు. ఏదో పెద్ద గ్రూపు ఆ ఆసుపత్రిని కొనేటప్పుడో, మీ కంపెనీలో ఎవరైనా పెట్టుబడి పెట్టేటప్పుడో మీ జావా ప్రోగ్రాంను ప్యాక్ చేసి ఇచ్చిన జార్ ఫైళ్లను స్కాన్ చేయిస్తారు. జాబితాలో ఐటెక్స్ట్ కనిపిస్తే చాలు, ‘ఓపెన్ సోర్స్ లేదు’ అన్న మీ వారంటీ ఎత్తి చూపి చివరి వాయిదా ఆపేస్తారు. దావా అక్కర్లేదు. వారంటీ తప్పితే భారత కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద సహజంగా వచ్చే నష్టం, లేదా ఒప్పందం నాడే ఇద్దరికీ తెలిసిన నష్టం మాత్రమే అడగగలరు. ‘ఆ నష్టం మాదే’ అని నష్టపూచీ రాసిచ్చారా, 125వ సెక్షన్ వస్తుంది: కోర్టు వేసిన నష్టపరిహారం, కేసు ఖర్చులు, సబబుగా చేసుకున్న రాజీ సొమ్ము కూడా. పరిమితి మీరు రాసుకోకపోతే చట్టం మీ తరఫున రాయదు.

కింద కస్టమర్ వైపు ఇంత బరువుంటే, పైన కోడ్ రాసినవాళ్ల నుంచి ఏముంది? ఎంఐటీ లైసెన్స్ చూసినా, అపాచీ చూసినా, జీపీఎల్ చూసినా ఒకే మాట: ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు. మధ్యలో నిలబడ్డ చిన్న కంపెనీకి పైనుంచి ఏమీ రాదు, కిందికి మాత్రం అన్నీ రాసిస్తుంది.

‘మా ఫ్రీలాన్సర్ దగ్గర కూడా ఇదే వారంటీ తీసుకున్నాంగా’ అంటారు కొందరు. జర్మనీలో ఫాంటెక్ అనే కంపెనీ కూడా అలాంటి వాదనే చేసింది. వాళ్ల మీడియా ప్లేయర్‌లో ఐపీటేబుల్స్ అనే జీపీఎల్ కోడ్ ఉంది. సోర్స్ అంటూ కంపెనీ పెట్టినదాంట్లో అది లేదు. ఆ కోడ్ రాసినవాళ్లలో ఒకరైన హరాల్డ్ వెల్టె కోర్టుకెళ్లారు. సోర్స్ అంతా ఉందని చైనా సప్లయర్ భరోసా ఇచ్చాడని ఫాంటెక్ చెప్పుకుంది. 2013లో హాంబర్గ్ కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు: అమ్మేది నువ్వు, చూసుకోవాల్సిందీ నువ్వే. అది జర్మన్ తీర్పు, మన కోర్టులను కట్టడి చేయదు. కానీ తర్కం ఎక్కడైనా ఒకటే. సప్లయర్ హామీ అతని దగ్గర డబ్బు రాబట్టుకోవడానికే పనికొస్తుంది. ఇంట్లో కూర్చుని కోడ్ రాసే ఫ్రీలాన్సర్ దగ్గర ఎంత రాబడతారు?

మన కంపెనీ సంగతికొద్దాం. జావా లైబ్రరీలను తెచ్చిపెట్టే మేవెన్ వాడుతుంటే ముందు ఇది నడపాలి:

```
mvn dependency:tree -Dincludes=com.itextpdf
```

నేరుగా కలిపారో, వేరే లైబ్రరీ వెంట వచ్చిందో ఇక్కడ తెలుస్తుంది. వేరే గ్రూపు పేరుతో వచ్చినవి ఈ ఫిల్టర్‌కి దొరకవు కాబట్టి దాన్ని తీసేసి మొత్తం చెట్టునూ ఒకసారి చదవాలి. బదులుగా అపాచీ లైసెన్స్ ఉన్న పీడీఎఫ్‌బాక్స్ ఉంది. పాత ఐటెక్స్ట్ నుంచి చీలి వచ్చిన ఓపెన్‌పీడీఎఫ్ కూడా ఉంది, దానికి ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్ రెండూ ఉన్నాయి. నేనైతే ఎంపీఎల్ ఎంచుకుంటాను, ఎందుకంటే ఎల్‌జీపీఎల్‌లో ఒక మెలిక ఉంది: లైబ్రరీని మార్చుకుని, ఆ మార్పుల్లో లోపాలు వెతకడానికి కస్టమర్ రివర్స్ ఇంజినీరింగ్ చేసుకోవచ్చని మీ షరతులు ఒప్పుకోవాలి. మనవాళ్ల లైసెన్స్ పత్రాల్లో మొదటి నిషేధమే అది!

మార్చేశాక కూడా ఇప్పటికే ఇచ్చిన కాపీలు మిగిలే ఉంటాయి. వాటిని వెనక్కి తీసి కొత్త వెర్షన్ పెట్టాలి. ఏజీపీఎల్ 8వ సెక్షన్ ఇక్కడ కాస్త దయ చూపుతుంది: యజమాని నుంచి తొలిసారి నోటీసు వచ్చిన 30 రోజుల్లో తప్పు సరిదిద్దితే హక్కులు శాశ్వతంగా తిరిగొస్తాయి. పాత జీపీఎల్ రెండో వెర్షన్‌లో ఆ గడువు లేదు.

ఇక క్లాజు. కొట్టేయమంటే కస్టమర్ ఒప్పుకోడు, అతని భయం నిజమైనదే. కానీ ఓపెన్ సోర్స్ ఉందని కాదు అతని భయం, తన కోడ్ బయటపెట్టాల్సి వస్తుందేమోనని. కాబట్టి ఆ మాటే రాయండి: ‘అనుబంధంలో చూపినవి తప్ప బయటి కోడ్ లేదు. వాటి షరతులు పాటించాం. కస్టమర్ సొంత కోడ్‌ను బయటపెట్టాల్సి వచ్చే రీతిలో దేన్నీ వాడలేదు. సమస్య వస్తే మొదట ఆ భాగాన్ని మార్చిస్తాం. మా బాధ్యత పన్నెండు నెలల ఫీజుకు మించదు.’ ఆ ఫీజు అంకె దగ్గర బేరం తప్పదు, రెండింతలు అడుగుతారు. ఒప్పుకున్నా ఫర్వాలేదు, అంకె అంటూ ఒకటుంది కదా. అనుబంధం మీద మాత్రం వెర్షన్ నంబరు, తేదీ వేయండి. వచ్చే నెల రిలీజ్‌లో ఇంకో కుర్రాడు ఇంకో లైబ్రరీ కలుపుతాడు.