ఐఆర్ఆర్‌కి డిస్కౌంట్ రేటుతో పనేంటి?

మొన్న నా దగ్గరికి రివ్యూకి ఒక మోడల్ వచ్చింది. సెన్సిటివిటీ షీట్లో రెండు పెద్ద డేటా టేబుళ్లు, ఒకటి ఎన్‌పీవీకి, ఒకటి ఐఆర్ఆర్‌కి. రెండింటికీ పైన డిస్కౌంట్ రేట్లు, పక్కన క్యాష్ ఫ్లో ఎంత శాతం తగ్గితే, ఎంత పెరిగితే అని. ఐఆర్ఆర్ టేబుల్లో ఏ వరస చూసినా ఆ వరసంతా ఒకే అంకె. చేసినతన్ని అడిగితే "ఎక్సెల్‌లో ఏదో బగ్ ఉన్నట్టుంది అన్నా" అన్నాడు.

బగ్ లేదు బాబూ. ఎన్‌పీవీని సున్నా చేసే రేటే ఐఆర్ఆర్. అది క్యాష్ ఫ్లోల్లోంచే పుడుతుంది, నువ్వు పైన ఏ డిస్కౌంట్ రేటు పెట్టుకున్నావో దానికి తెలియదు, అవసరం కూడా లేదు.

ఆ మోడల్లోని చిన్న లెక్కే చూడండి. ఇవాళ 1000 పెట్టుబడి, తర్వాత ఐదేళ్లు ఏటా 300 వస్తుంది. B1లో డిస్కౌంట్ రేటు 10%, B2లో క్యాష్ ఫ్లో మార్పు 0%, C5లో -1000, D5 నుంచి H5 దాకా ఈ మొదటి ఫార్ములా, కింద B7లో ఎన్‌పీవీ, B8లో ఐఆర్ఆర్:

```
=300*(1+$B$2)
=NPV(B1,D5:H5)+C5
=IRR(C5:H5)
```

(C5ని NPV బ్రాకెట్‌లో పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అలా పెడితే ఇవాళ్టి పెట్టుబడి కూడా ఒక ఏడాది డిస్కౌంట్ అయిపోతుంది.)

ఎన్‌పీవీ 137, ఐఆర్ఆర్ దాదాపు 15.2% వస్తాయి. ఇప్పుడు క్యాష్ ఫ్లో 10% తగ్గించండి. ఆ వరసలో ఎన్‌పీవీ 8% దగ్గర 78, 10% దగ్గర 24, 12% దగ్గర మైనస్ 27. ఐఆర్ఆర్ మాత్రం వరసంతా 10.9% దగ్గరే ఉంటుంది. అంటే గుర్తు ఎక్కడ తిరగబడుతుందో ఆ ఒక్క అంకే చెప్పేస్తోంది, 10కీ 12కీ మధ్య. అందుకే ఐఆర్ఆర్‌కి రెండు వైపుల టేబుల్ దండగ. ఎన్‌పీవీ టేబుల్ పక్కనే ఒక్క కాలమ్‌గా పెట్టండి, Column input cellలో B2 ఇచ్చి Row input cell ఖాళీగా వదిలేయండి. అప్పుడు రెండూ కలిపి చదవొచ్చు.

టేబుల్ ఖాళీగా కనిపిస్తుందని రెండో వైపు నింపడమేంటో నాకర్థం కాదు.

ఆ మోడల్లో అసలు తప్పు ఎన్‌పీవీ టేబుల్లో ఉంది, దాన్నెవరూ చూడలేదు. 10%, 0% కలిసే గడిలో 137 ఉండాలి కదా, 650 ఉంది. పై వరస రేట్లు B1కి వెళ్లాలి, పక్క కాలమ్ B2కి, అతను ఇన్‌పుట్ సెల్స్ తారుమారు చేశాడు. దాంతో డిస్కౌంట్ రేటు సున్నా అయింది, క్యాష్ ఫ్లో 330కి పెరిగింది, ఐదు 330లు 1650, అందులో 1000 పోతే 650. పైగా ప్రాజెక్ట్ బ్రహ్మాండంగా ఉందని కింద ఒక కామెంట్ కూడా రాసి పెట్టాడు!