ఖాళీ కుర్చీలున్నా కూసోనియ్యరు

మా హన్మకొండ బడిల యాన్యువల్ డేకు పిల్లకు రెండే పాసులు. ఇద్దరు పిల్లలు కాబట్టి మాకు నాలుగు వచ్చినయి, కానీ పాసు మీద తరగతి రాసిన్రు. తరగతికో బ్లాకు, మధ్యల తాళ్లు. రెండో తరగతి బ్లాకుల నేను, మా ఆయన. ఎనిమిదో తరగతి బ్లాకుల, అంటే అన్నిటికన్నా వెనుక, నర్సంపేట నుంచి మనుమరాలి బతుకమ్మ డాన్సు చూస్తమని వచ్చిన అత్తమ్మ, మామయ్య.

ముందుగాల ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల డాన్సులు. అవి అయిపోంగనే వాళ్ల తల్లిదండ్రులు నిద్రమొహం పిల్లల్ని ఎత్తుకొని ఇంటికి పోయిన్రు. ముందు నాలుగు వరుసలు ఖాళీ. అత్తమ్మను అక్కడ కూసోనియ్యమని వలంటీర్‌ను బతిమిలాడిన. "పాసు మీద ఎనిమిది ఉంది మేడమ్, పంపొద్దన్నరు" అన్నడు. మా పాప ఆడుతుంటే ఆమెకు కనిపించింది ముందటోళ్లు లేపిన ఫోన్లే. డ్రెస్సు కిరాయి మాత్రం ముందే కట్టించుకున్నరు!

హాలు చిన్నది, పాసులు లెక్కగనే ఇయ్యాలె, ఒప్పుకుంట. కానీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లున్న ఇంటికి పాసులన్నీ ఒకే బ్లాకుల ఇయ్యాలె. ఒక తరగతి వాళ్లు లేచిపోయినంక ఆ తాడు విప్పి వెనుకోళ్లను ముందుకు పిలవాలె. పేరెంట్స్ మీటింగ్‌ల ఇదే అడుగుత.