దాహానికి కటాఫ్ తేదీ

జనం వేలంవెర్రిగా వచ్చిపడుతున్న నగరంలో మురికివాడలకు నీళ్లు ఎలా ఇవ్వాలని అడిగితే, ఇంజినీర్లు పైపులు, పంపులు, రిజర్వాయర్లు అంటూ ఖర్చుతో కూడిన సమాధానాలు చెబుతారు. ముంబై పాలకులు మాత్రం ఈ ప్రశ్నకు పైసా ఖర్చు లేని జవాబు కనిపెట్టారు. దాహం వేస్తే సరిపోదు, అది ఏనాటి నుంచి వేస్తోందో కాగితం చూపాలి.

1995 జనవరి 1 నాటి ఓటర్ల జాబితాలో పేరున్న గుడిసెకు పునరావాస పథకం కింద ఉచితంగా ఇల్లు రావాలి. ఆ తేదీ తరువాత వెలిసిన గుడిసెలకు మునిసిపల్ నీళ్లు కూడా ఇవ్వరాదని 1996లో రాష్ట్ర ప్రభుత్వం తేల్చింది. అంటే, డిసెంబరు 31న గుడిసె వేసినవాడు పౌరుడు, జనవరి 2న వేసినవాడు ఆక్రమణదారు. రెండోవాడు ఊరు విడిచి వెళ్లిపోతాడని ఆశించారు కాబోలు. వాడు వెళ్లలేదు. పొరుగు బస్తీవాళ్ల కుళాయికి రబ్బరు పైపు తగిలించుకునో, ట్యాంకరు నీళ్లు డబ్బాలతో కొనుక్కునో, చట్టబద్ధుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ధర చెల్లించి బతికాడు. అక్రమ నీళ్ల వ్యాపారం పుట్టుకకు కారణం వెతకదలచిన పరిశోధకులు తేదీల పట్టిక చూస్తే చాలు.

ఆ తేదీ మరీ మొండిదేమీ కాదు, ఎన్నికల గాలి సోకితే కదులుతుంది. 2004 శాసనసభ ఎన్నికల వేళ దాన్ని 2000 జనవరి 1కి జరుపుతామన్న వాగ్దానం వినబడింది. పదేళ్లు పరిపక్వం చెంది, 2014లో, సరిగ్గా మళ్లీ ఎన్నికల ఏడాదిలోనే, అది చట్టమైంది.

అదే ఏడాది డిసెంబరులో బొంబాయి హైకోర్టు, నీటి హక్కు జీవించే హక్కులో భాగమేనని, ఇల్లు అక్రమమన్న ఒక్క కారణంతో గొంతు ఎండబెట్టరాదని చెప్పింది. అయితే సక్రమ పౌరులతో సమానంగా ఇవ్వనక్కరలేదని, ఎక్కువ రేటు వసూలు చేయవచ్చని కూడా సమతూకం పాటించింది. అంతకుముందే ఎక్కువ రేటు కడుతున్నవారికి ఈ రెండోమాట కొత్తగా తోచి ఉండదు. కార్పొరేషన్ 2017లో విధానం తయారుచేసి, ఫుట్‌పాత్‌ల మీద, ప్రైవేటు స్థలాల్లో, ప్రాజెక్టులకు అడ్డుగా ఉన్న గుడిసెలను అందులోంచి జాగ్రత్తగా తీసివేసింది. మిగిలినవాటికి మాత్రం ధారాళంగా అనుమతించింది.

చివరకు 2022 మేలో, తేదీ అడగకుండా అందరికీ నీళ్లిస్తామని ప్రకటన వెలువడింది. పాతిక సంవత్సరాల పాటు రేషన్ కార్డుల తేదీలు పరిశీలించిన గుమాస్తాల పాండిత్యం ఏమవుతుందోనని నాకు బెంగ కలిగింది కానీ, ఇళ్ల విషయంలో అది నిక్షేపంగా నిలిచి ఉంది. 2000 జనవరి 1 నాటికి ఉన్నవారికి ఇల్లు ఉచితం, 2011 జనవరి 1 నాటికి ఉన్నవారికి రెండున్నర లక్షలు. ఆ మర్నాడు వచ్చినవారు వచ్చే మేనిఫెస్టో కోసం వేచి చూడవచ్చు.