తాతయ్య పక్కన ఎవరీ అమ్మాయి?

బరంపురంలో మా అమ్మమ్మ, తాతయ్యల 50వ పెళ్లిరోజు. ఫ్లెక్సీ మీద వాళ్ల పెళ్లిఫొటోని బొమ్మలా మార్చి వేద్దామనుకున్నాం. ఉన్నది ఒకే ఒక్క నలుపు తెలుపు ఫొటో. అందులో పందిరి నిండా చుట్టాలు, మధ్యలో శనగగింజంత ముఖాలతో పెళ్లికూతురు, పెళ్లికొడుకు.

మామయ్య ఫోన్లోని ఫిల్టర్ యాప్‌తో మొదలెట్టాడు. ఫిల్టర్‌కి ముఖమూ ఒకటే, మరకా ఒకటే. కనబడిన అంచుని ముదురు చేస్తుంది, మిగతాది చదును చేస్తుంది. తాతయ్య బుగ్గ మీద బూజు మచ్చ నిక్షేపంలాంటి దిష్టిచుక్కైంది.

"ఇది నాకొదిలెయ్ నాన్నా" అని బావ లాప్‌టాప్ తెరిచాడు. బొమ్మలు గీసే ఏఐ మోడల్ స్టేబుల్ డిఫ్యూజన్. అందులో ఫొటోని ఎంత మార్చాలో చెప్పే డీనాయిజింగ్ మీట ఒకటుంది. 0.3 దగ్గర పెడితే బూజు బూజులాగే ఉంది. 0.7కి తోస్తే బొమ్మ కళకళలాడింది గానీ చుట్టాలందరూ అన్నదమ్ముల్లా తయారయ్యారు.

కారణం ఉంది. అటూ ఇటూ 512 పిక్సెళ్లున్న బొమ్మని ఆ మోడల్ లోపల అటూ ఇటూ 64 గళ్లకి కుదించుకుని పనిచేస్తుంది. ఫొటోలో 40 పిక్సెళ్లున్న ముఖానికి దక్కేది అటు అయిదు, ఇటు అయిదు గళ్లు. అందులో అమ్మమ్మ ముక్కు ఎక్కడ పడుతుంది? బావ పట్టు వదల్లేదు. ముఖం వరకే కత్తిరించి, పెద్దది చేసి మళ్లీ గీయించాడు. ఈసారి గళ్లు చాలినన్ని ఉన్నాయి, కానీ ఫొటోలో లేని వివరం ఎక్కడి నుంచి వస్తుంది? మోడల్ తనకి తోచిన అందగత్తెని కూర్చోబెట్టింది. బరంపురం పట్టుచీర అంచు మీద గుడి శిఖరాల్లా ఉండే ఫోడాకుంభ కోణాలు కరిగి గులాబీలయ్యాయి.

తాతయ్య కళ్లజోడు సర్దుకున్నాడు. "నా పక్కన ఎవర్రా ఈ పిల్ల?"

"ఎవరైతే ఏం, తమరు తెగ నవ్వుతున్నారుగా!" అంది అమ్మమ్మ.

చివరికి బోర్డులు రాసే ఒడియా ఆర్టిస్టుని పిలిచాం. ఆయన కంప్యూటర్ జోలికే పోలేదు. అమ్మమ్మవి తర్వాతి ఫొటోలు అడిగాడు, ముక్కుపుడక ఏ వైపో అడిగాడు, బీరువాలోంచి ఆ చీర తీయించి అంచు చూసుకున్నాడు. వెనక వరసలో కనబడని ముఖాలకి ఉత్త గీతలు చాలన్నాడు. తెలియనిది వదిలెయ్యడం ఆ మోడల్‌కి చేతకాని పని. వారం పట్టింది, డబ్బూ గట్టిగానే అయింది. మనవాళ్లు గుర్తుపట్టాల్సిన ముఖం ఫొటోలో అంత చిన్నగా ఉంటే నా ఓటు చేతిబొమ్మకే. పందిరి, మామిడాకులు మాత్రం బావ మోడల్‌తోనే చేయించాం. మామిడాకు ఎవరి పోలికో ఎవరూ అడగరు.

ఫ్లెక్సీ కట్టాక అందరూ మెచ్చుకున్నారు, ఒక్క అమ్మమ్మ తప్ప. బావని పక్కకి పిలిచి మెల్లగా అడిగింది: "ఆ కంప్యూటర్ పెళ్లికొడుకుని నా ఫోన్లో పెడుదూ, బాగున్నాడు."