డెండ్రోగ్రామ్‌లో పక్కన ఉన్నంత మాత్రాన ఒకే రకం కాదు

“డెండ్రోగ్రామ్ చదవడం చాలా ఈజీ. పక్కపక్కన ఉన్నవాళ్లంతా ఒకే రకం కస్టమర్లు. 25 స్కేల్ మీద 10 దగ్గర గీత కొట్టండి, ఎన్ని గీతలు తెగితే అన్ని సెగ్మెంట్లు. డేటాని ముట్టుకోవద్దు, సాఫ్ట్‌వేర్ అన్నీ చూసుకుంటుంది.”

ఎంబీఏ అసైన్‌మెంట్ల సీజన్ రాగానే విశాఖ స్టూడెంట్ల గ్రూపుల్లో తిరిగే మెసేజ్ ఇది. ఒకేలాంటి జవాబులిచ్చిన కస్టమర్లని మెట్టుమెట్టుగా గుంపులు కట్టడం క్లస్టరింగ్, అందులో ఎవరు ఎక్కడ కలిశారో చూపే చెట్టు బొమ్మే డెండ్రోగ్రామ్. దీన్ని నమ్మి రాసిన రిపోర్టులు చాలానే దిద్దాను. పాపం, సర్వే కష్టపడి చేస్తారు, ఆఖరి పేజీలో మార్కులు పోగొట్టుకుంటారు. అందుకే ఒక చిన్న లెక్కతో చెబుతాను.

ఎంవీపీ కాలనీ రైతు బజార్ దగ్గర ఐదుగురిని రెండు ప్రశ్నలు అడిగారనుకోండి. కూరగాయల ధర మీకు ఎంత ముఖ్యం? ఇంటికి తెచ్చివ్వడం ఎంత ముఖ్యం? జవాబులు 1 నుంచి 7 వరకు. ఒకటో నంబర్ మనిషి 7, 2 ఇచ్చారు. రెండో ఆయన 6, 2. మూడు: 2, 6. నాలుగు: 2, 7. ఐదు: 4, 5.

వార్డ్ పద్ధతిలో, స్క్వేర్డ్ యూక్లిడియన్ దూరంతో లెక్క కడితే ముందు 1, 2 కలుస్తారు, కోఎఫిషెంట్ 0.5. తర్వాత 3, 4 కలుస్తారు, అది 1.0 అవుతుంది. ఆ 3, 4 జంటలోకి ఐదో మనిషి చేరేసరికి 5.17. చివరికి రెండు గుంపులూ ఒకటైనప్పుడు 42. కోఎఫిషెంట్ అంటే గుంపు సగటు నుంచి ఒక్కొక్కరి తేడాల వర్గాల మొత్తం, అది ఒక్కో మెట్టుకీ ఇలా పెరుగుతూ పోతుంది.

ఇప్పుడు చెట్టు బొమ్మలో పేర్లు 1, 2, 5, 3, 4 అనే వరుసలో వచ్చాయనుకుందాం. రెండో మనిషి పక్కనే ఐదో మనిషి ఉన్నారు. కానీ వాళ్లిద్దరూ కలిసేది 42 దగ్గర, అన్నిటికన్నా చివర. వరుసలో దూరంగా ఉన్న నాలుగో మనిషితో ఐదో మనిషి 5.17 దగ్గరే కలిసిపోయారు. ఉయ్యాలకి వేలాడదీసే తిరుగుడు బొమ్మలు చూసే ఉంటారు. ఏ కొమ్మని తిప్పినా బొమ్మల వరుస మారుతుంది గాని, ఏది దేనికి కట్టి ఉందో మారదు. డెండ్రోగ్రామ్ కూడా అంతే. అదే చెట్టుని 1, 2, 3, 4, 5 అని గీసినా తప్పులేదు. కాబట్టి ఇద్దరి పేర్ల మధ్య ఖాళీ చూడకండి. ఇద్దరి గీతల మీదా వేలు పెట్టి, అవి కలిసే చోటుదాకా వెళ్లి, అక్కడ స్కేల్ ఎంత చూపిస్తోందో చదవండి.

ఇక 10 దగ్గర గీత సంగతి. SPSS సాఫ్ట్‌వేర్ చెట్టుని అడ్డంగా గీస్తుంది. పైన ఉండే స్కేల్ అసలు దూరం కాదు, కుదించిన దూరం. చివరి కలయిక ఎంతదైనా సరే 25 దగ్గరే పడుతుంది. మన లెక్కలో 42 పోయి 25 అయింది, 5.17 పోయి 3, 4 మధ్య ఎక్కడో పడింది. 10 దగ్గర కోస్తే రెండు గుంపులొస్తాయి. ఇక్కడ అది సరైన జవాబే, కానీ అదృష్టం కొద్దీ. అదే సర్వేలో నెలకి ఎన్ని కిలోలు కొంటారని కూడా అడిగారు, అందరూ పాతిక ముప్ఫై అంటుంటే ఒక హోటల్ ఆయన 900 అన్నారనుకోండి. చివరి కలయిక ఆయన వల్ల అంత దూరం జరిగిపోతుంది, మిగిలినవాళ్ల కలయికలన్నీ ఎడమ పక్కన ఇరుకుగా నొక్కుకుపోతాయి. 10 దగ్గర కోస్తే ఒక పక్క హోటల్ ఆయన, ఇంకో పక్క ఊరంతా. అది సెగ్మెంట్ కాదు, ఒక మనిషి.

గీత ఎక్కడ గీయాలో చెప్పేది, ఏ మెట్టులో ఎవరు ఎంత కోఎఫిషెంట్ దగ్గర కలిశారో చూపే Agglomeration Schedule టేబుల్. కోఎఫిషెంట్ ఒక్కసారిగా ఎగిరిన మెట్టు పట్టుకోండి, దానికి ముందు ఆగండి. మన లెక్కలో పెరుగుదల 0.5, 4.17, 36.83. చివరి కలయికకి ముందు ఆగితే రెండు సెగ్మెంట్లు: ధర చూసేవాళ్లు, ఇంటికే కావాలనేవాళ్లు. రిపోర్టులో ఆ అంకెలు రాయండి, ఏ దూరం, ఏ పద్ధతి వాడారో కూడా రాయండి.

సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందన్న మాట గురించి ఒక్కటే చెబుతాను. ఆదాయం రూపాయల్లో పెడితే 20,000 తేడా వర్గం 40 కోట్లు. 1–7 స్కేల్ మీద అతి పెద్ద తేడా వర్గం 36. ధర, డెలివరీ జవాబులు ఆ లెక్కలో ఉన్నా లేనట్టే. Method విండోలో అన్ని ప్రశ్నల్నీ ఒకే కొలతకి తెచ్చే Z scores ఎంచుకుంటే ఈ గోల పోతుంది. కానీ హోటల్ ఆయన పోరు, ఆయన్ని మీరే ముందుగా గుర్తించి పక్కన పెట్టాలి.

ఇంకొకటి, టెన్షన్‌లో చాలామంది చేసే తప్పు. సెగ్మెంట్లు వచ్చాక అవే ప్రశ్నల మీద, గుంపుల సగటుల్లో తేడా ఉందో లేదో చూసే అనోవా పరీక్ష వేసి, పి విలువ 0.000 వచ్చింది కాబట్టి సెగ్మెంట్లు నిజమని రాస్తారు. ఆ జవాబుల్లో తేడా ఉండేలాగే కదా గుంపులు కట్టాం, తేడా రాక ఏం చేస్తుంది? క్లస్టరింగ్‌లో వాడని ప్రశ్న తీసుకోండి. వారానికి ఎన్నిసార్లు బజారుకి వస్తారో, యాప్‌లో ఎన్నిసార్లు ఆర్డర్ పెడతారో చూడండి. ధర చూసేవాళ్లు బజారుకి ఎక్కువగా, రెండో గుంపు తక్కువగా వస్తున్నట్టు తేలితే, మీ రెండు గుంపులు బొమ్మలోనే కాదు, బజార్లో కూడా ఉన్నట్టు.